వియ్యాల లెక్కలో మెడిచీలు

పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు ఇల్లూ పొలమూ చూసి ఊరుకోరు. "వాళ్ళు ఎవరెవరితో వియ్యమందారు?" అని అడుగుతారు. జవాబు వచ్చాక ఆ వియ్యంకులు ఎవరితో వియ్యమందారో కూడా ఆరా తీస్తారు. పలుకుబడి ఎంతమంది తెలుసన్నదాని మీదే కాదు, తెలిసినవాళ్ళకు ఎంత పలుకుబడి ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుందని వాళ్ళకు తెలుసు. ఈ మాటను గణితంలో పెడితే వచ్చేదే ఐగెన్‌వెక్టర్ సెంట్రాలిటీ. సామాజిక సంబంధాల అధ్యయనంలో దీన్ని ఇప్పటి రూపంలో ప్రవేశపెట్టినవాడు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఫిలిప్ బొనాచిక్, 1972లో. పేరు బరువుగా ఉన్నా దీనికి కావలసింది కూడికలూ, ఒకటి రెండు భాగహారాలూ మాత్రమే. కాగితం, పెన్సిలు, ఒక సాయంత్రం చాలు.

చిక్కు ఒక్కటే. నా విలువ తేలాలంటే నా వియ్యంకుల విలువ తెలియాలి, వాళ్ళది తేలాలంటే నాది తెలియాలి. ఈ ముడి ఎలా విడుతుందో, విడిన తర్వాత వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చూడటానికి పదిహేనో శతాబ్దపు ఫ్లోరెన్స్ నగరం కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇటలీలోని ఆ నగరాన్ని అప్పట్లో కొన్ని సంపన్న కుటుంబాలు ఏలుతుండేవి. 1433లో ఆల్బిజ్జీల వర్గం కోసిమో మెడిచీని నగరం నుంచి వెళ్ళగొట్టింది. సుమారు ఏడాదికి, 1434లో, కోసిమో తిరిగి వచ్చాడు. ఈసారి ఆల్బిజ్జీల నాయకుడు రినాల్డో ప్రవాసం పోయాడు. మెడిచీలే ఎందుకు గెలిచారన్న ప్రశ్నకు జాన్ పాజెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ 1993లో ప్రచురించిన వ్యాసంలో ఆ కుటుంబాల మధ్య పెళ్ళిళ్ళూ వ్యాపార లావాదేవీలూ ఆధారంగా జవాబు వెతికారు. పాజెట్ సమకూర్చిన సమాచారంలోంచి తీసిన పదహారు కుటుంబాల పటం ఇప్పుడు ఈ శాస్త్రం నేర్చుకునే ప్రతివాళ్ళూ చూసేదే. ఆ పటంలో కుటుంబాల పేర్లే ఉంటాయి. రెండు ఇళ్ళను కలిపిన ఆడపిల్లల పేర్లు అందులో లేవన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఒక్కొక్క గీత వెనుకా కనీసం ఒక పెళ్ళికూతురు ఉంది.

పటం గీసుకుందాం. మెడిచీలకు ఆరు వియ్యాలు: అచ్చయోలీ, బర్బదోరీ, రిడోల్ఫీ, టోర్నబువోనీ, ఆల్బిజ్జీ, సాల్వియాతీ. శత్రువులైన ఆల్బిజ్జీలతో కూడా వియ్యం ఉండటం చూసి ఆశ్చర్యపడనక్కరలేదు, ఆ నగరంలో అది మామూలే. స్ట్రోజ్జీలకు నాలుగు: కస్తెల్లానీ, పెరూజ్జీ, రిడోల్ఫీ, బిస్కేరీ. గ్వదాన్యీలకూ నాలుగు: టోర్నబువోనీ, ఆల్బిజ్జీ, బిస్కేరీ, లంబెర్తెస్కీ. ఇక మిగిలిన గీతలు ఆరే. కస్తెల్లానీ–పెరూజ్జీ, కస్తెల్లానీ–బర్బదోరీ, పెరూజ్జీ–బిస్కేరీ, రిడోల్ఫీ–టోర్నబువోనీ, ఆల్బిజ్జీ–జినోరీ, సాల్వియాతీ–పాజ్జీ. మొత్తం ఇరవై గీతలు, పదిహేను కుటుంబాలు. పదహారో కుటుంబం పూచ్చీలకు ఈ పటంలో ఎవరితోనూ వియ్యం లేదు. వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం.

ముడి విప్పే ఉపాయం ఇది. ఎవరి విలువా తెలియదు కాబట్టి అందరికీ 1 ఇచ్చి మొదలుపెడతాం. తర్వాత ప్రతి కుటుంబానికీ దాని వియ్యంకుల మార్కులు కూడి కొత్త మార్కుగా వేస్తాం. మొదటి వరుసలో వచ్చేది వియ్యాల సంఖ్యే: మెడిచీ 6, స్ట్రోజ్జీ 4, రిడోల్ఫీ 3. రెండో వరుసలో ఆ కొత్త మార్కులను మళ్ళీ కూడతాం. రిడోల్ఫీల వియ్యంకులు మెడిచీ, స్ట్రోజ్జీ, టోర్నబువోనీ కనుక వాళ్ళకు 6, 4, 3 కలిపి 13. మెడిచీలకు అచ్చయోలీ నుంచి 1, బర్బదోరీ, సాల్వియాతీల నుంచి రెండేసి, మిగతా ముగ్గురి నుంచి మూడేసి, మొత్తం 14. ఇలా వరుస మీద వరుస వేస్తూ పోతే, ఎక్కడో ఒకచోట నిష్పత్తులు మారడం ఆగిపోవాలి. అంకెలు పెరుగుతూనే ఉన్నా అందరివీ ఒకే రెట్టింపులో పెరుగుతాయి. అక్కడితో పని అయిపోయినట్టు.

కానీ ఈ పటంతో అలా కూర్చుంటే చికాకు తప్పదు. మెడిచీలను 100 అనుకుని రిడోల్ఫీలు ఎక్కడున్నారో ప్రతి వరుసలోనూ చూడండి. మొదటి వరుసలో 6కు 3, అంటే 50. రెండో వరుసలో 14కు 13, అంటే 93. మూడో వరుసలో 59కి 39 వచ్చి మళ్ళీ 66కు పడిపోతుంది. నాలుగో వరుసలో 156కు 139, మళ్ళీ 89. అంకె కుదురుకోవడానికి బదులు ఊగుతోంది. ఏ వరుస దగ్గర ఆపితే ఆ వరుస ఒక్కో కథ చెబుతుంది. ఒక్క వరుసనే చూసినవాళ్ళకు తప్పు జరిగిందని కూడా తెలియదు. అందుకే వరుసగా కనీసం మూడు నాలుగు నిష్పత్తులు పక్కపక్కన రాసుకుని చూడాలి.

ఎందుకిలా ఊగుతుందో తెలియాలంటే ఇంకా చిన్న పటం తీసుకోవాలి. మధ్యలో ఒక ఇల్లు, చుట్టూ ఆరు ఇళ్ళు. ఆ ఆరింటికీ మధ్య ఇంటితో తప్ప వేరే వియ్యం లేదనుకుందాం. మొదటి వరుసలో మధ్య ఇంటికి 6, చుట్టూ ఉన్నవాటికి 1. రెండో వరుసలో మధ్య ఇంటికి ఆరు ఒకట్లు కలిసి 6, చుట్టూ ఉన్న ప్రతిదానికీ మధ్య ఇంటి 6. అంటే అందరూ సమానం! మూడో వరుసలో మధ్య ఇంటికి 36, చుట్టూ 6. ఈ పటంలో లెక్క ఎన్నటికీ కుదురుకోదు. మధ్య ఇంటి మార్కు చుట్టూ ఉన్నవాళ్ళకు పోతుంది, మరుసటి వరుసలో వాళ్ళది మధ్యకు తిరిగి వస్తుంది. మెడిచీల వియ్యంకులలో రిడోల్ఫీ, టోర్నబువోనీలకు తప్ప ఒకరితో ఒకరికి వియ్యం లేదు. అందువల్ల ఫ్లోరెన్సు పటంలోనూ ఆ ఊపు గట్టిగా ఉంది. ఓపికపడితే చివరికి తగ్గుతుంది గానీ, చేతి లెక్కకు చాలా వరుసలు కావాలి.

దీనికి మందు తేలికైనది. ప్రతి వరుసలోనూ వియ్యంకుల మార్కులతో పాటు సొంత మార్కును కూడా కలుపుకోవాలి, అంతే. ఇది మోసం కాదు. చివరికి కుదిరిన లెక్కలో ప్రతి ఇంటికీ వియ్యంకుల మొత్తం సొంత మార్కుకు ఒకే రెట్టు ఉంటుంది. సొంతాన్ని కూడా కలిపితే ఆ రెట్టు అందరికీ ఒకటి చొప్పున పెరుగుతుంది తప్ప ఇళ్ళ మధ్య నిష్పత్తి మారదు. ఊపు మాత్రం అణిగిపోతుంది, ఎందుకంటే మార్కు మొత్తం ఇల్లు వదిలి పోవడం లేదు.

మళ్ళీ అందరికీ 1 ఇచ్చి మొదలుపెడదాం. మొదటి వరుస: మెడిచీ 7, స్ట్రోజ్జీ 5, గ్వదాన్యీ 5, మూడు వియ్యాలున్నవాళ్ళకు 4, రెండున్నవాళ్ళకు 3, ఒక్కటే ఉన్నవాళ్ళకు 2. రెండో వరుసలో మెడిచీలకు సొంతం 7, వియ్యంకులవి 2, 3, 4, 4, 4, 3 కలిపి 27. స్ట్రోజ్జీలకు సొంతం 5, నాలుగు నాలుగులు, మొత్తం 21. రిడోల్ఫీలకు 4, 7, 5, 4 కలిపి 20. గ్వదాన్యీలకు 5, 4, 4, 4, 2 కలిపి 19. ఇక్కడే మొదటి మార్పు కనిపిస్తుంది: మూడే వియ్యాలున్న రిడోల్ఫీలు నాలుగున్న గ్వదాన్యీలను దాటారు. మూడో వరుసలో మెడిచీ 120, స్ట్రోజ్జీ 92, రిడోల్ఫీ 88. నాలుగో వరుసలో 501, 395, 386. ఐదో వరుసలో 2141, 1698, 1658. మెడిచీలను 100 అనుకుంటే రిడోల్ఫీలు ఇప్పుడు 57, 74, 73, 77, 77 అని నడిచారు. ఇందాక ఊగిన అంకె ఇదే.

చేతి లెక్కలో ఎక్కడ ఆపాలన్నది నిష్పత్తులు చూసి తేల్చుకోవాలి గానీ, విసుగు చూసి కాదు. నాలుగో వరుసలో ఆల్బిజ్జీలకు 296, కస్తెల్లానీలకు 289. ఐదో వరుసలో ఆల్బిజ్జీ 1230, కస్తెల్లానీ 1236. స్థానాలు తారుమారయ్యాయి. ఇద్దరికీ మూడేసి వియ్యాలే. ఆల్బిజ్జీలకు మెడిచీలనే గొప్ప వియ్యం ఉంది, కానీ జినోరీలు వాళ్ళ మీదే ఆధారపడ్డవాళ్ళు, తిరిగి ఇచ్చేది తక్కువ. కస్తెల్లానీల వియ్యంకులకు వేరే చోట్ల నుంచి కూడా మార్కులు వస్తాయి. ఇలాంటి దూరపు ప్రభావం తేలడానికి వరుసలు కావాలి. అందుకే దగ్గర దగ్గరగా ఉన్న ఇద్దరి మధ్య పై చేయి ఎవరిదో చెప్పే ముందు ఇంకొన్ని వరుసలు వేయాలి.

పూర్తిగా కుదిరాక మెడిచీ 100 అయితే స్ట్రోజ్జీ 83, రిడోల్ఫీ 79, టోర్నబువోనీ 76, గ్వదాన్యీ 67, బిస్కేరీ 66, పెరూజ్జీ 64, కస్తెల్లానీ 60, ఆల్బిజ్జీ 57, బర్బదోరీ 49. తర్వాత సాల్వియాతీ 34, అచ్చయోలీ 31, లంబెర్తెస్కీ 21, జినోరీ 17, పాజ్జీ 10. పాఠ్యపుస్తకాల్లో మెడిచీలకు 0.430 అని కనిపిస్తే కంగారు పడవద్దు. అక్కడ అందరి మార్కుల వర్గాలను కూడితే 1 వచ్చేలా కొలబద్ద మార్చారు, నిష్పత్తులు ఇవే. ఈ అంకెలకు ఒక పటంలో ఒకరిని మరొకరితో పోల్చినప్పుడే అర్థం. ఫ్లోరెన్సు 0.430ని వేరే ఊరి 0.430తో పోల్చడం కుదరదు.

జవాబు సరైనదేనా అని చూసుకోవడానికి మళ్ళీ మొదటి నుంచి చేయనక్కరలేదు. మెడిచీల ఆరుగురు వియ్యంకుల మార్కులు కూడండి: 31, 49, 79, 76, 57, 34. మొత్తం 326. అంటే సొంత మార్కుకు 3.26 రెట్లు. స్ట్రోజ్జీల వియ్యంకులవి 60, 64, 79, 66, మొత్తం 269. 83తో భాగిస్తే 3.24. గుండ్రం చేసిన అంకెలు కాబట్టి చివరలో కొద్దిగా తేడా వస్తుంది. ఏ ఇంటికి చేసినా ఇంచుమించు అదే రెట్టు రావాలి. దశాంశాలతో చేస్తే అది 3.256. దాన్నే ఐగెన్ విలువ అంటారు, మార్కుల వరుసను ఐగెన్‌వెక్టర్ అంటారు. ఏ ఇంటి దగ్గరైనా ఈ రెట్టు తేడాగా వస్తే ఆ ఇంటి గీతల్లో ఒకటి మరిచిపోయినట్టో, ఒకవైపే లెక్కేసినట్టో.

ఇప్పుడు ఈ అంకెలను చదువుదాం. ఒక్క వియ్యమే ఉన్న ఇళ్ళు నాలుగు: అచ్చయోలీ, లంబెర్తెస్కీ, జినోరీ, పాజ్జీ. వియ్యాలు లెక్కపెడితే నలుగురూ సమానం. మార్కుల్లో 31 నుంచి 10 దాకా ఉన్నారు. అచ్చయోలీల ఒక్క వియ్యం మెడిచీలతో, పాజ్జీలది సాల్వియాతీలతో. పెళ్ళిళ్ళ పెద్దలు నోటితో అడిగే ప్రశ్నకు ఇక్కడ అంకెల్లో జవాబు దొరికింది. స్ట్రోజ్జీ, గ్వదాన్యీలకు నాలుగేసి వియ్యాలున్నా మార్కులు 83, 67గా విడిపోయాయి. స్ట్రోజ్జీల నలుగురు వియ్యంకులకూ మూడేసి వియ్యాలున్నాయి, పైగా కస్తెల్లానీ–పెరూజ్జీ, పెరూజ్జీ–బిస్కేరీలు తమలో తామే వియ్యమందారు. ఒకరికి వచ్చిన మార్కు ఆ గుంపులోనే తిరిగి తిరిగి అందరినీ పెంచుతుంది.

నాకు అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ఈ లెక్క ప్రకారం స్ట్రోజ్జీలు మెడిచీలకు చాలా దగ్గరగా ఉన్నారు. 1427 నాటి పన్ను లెక్కల్లో నగరంలో అందరికంటే సంపన్నుడు పల్లా స్ట్రోజ్జీయే. అయినా 1434లో ఆల్బిజ్జీల పక్షాన తెగించి నిలవలేక వెనుకాడాడు. కోసిమో తిరిగి వచ్చాక పాడువాకు ప్రవాసం పోయి, 1462లో అక్కడే చనిపోయాడు. 100కు 83 ఉన్న కుటుంబం అలా ఎందుకు ఓడింది?

పటం నుంచి మెడిచీలను చెరిపి చూడండి. అచ్చయోలీలు ఒంటరి అవుతారు. సాల్వియాతీ, పాజ్జీలు ఇద్దరే ఒక తునకగా విడిపోతారు. ఇప్పుడు మెడిచీలను తిరిగి పెట్టి స్ట్రోజ్జీలను చెరపండి. ఏ ఇల్లూ విడిపోదు. స్ట్రోజ్జీల వియ్యంకులు వాళ్ళు లేకుండా కూడా ఒకరినొకరు చేరుకోగలరు. మరో కొలత ఉంది, రెండు ఇళ్ళ మధ్య దగ్గరి దారుల్లో ఎన్ని ఈ ఇంటి మీదుగా పోతాయో లెక్కపెట్టేది. అందులో మెడిచీలకు 52 శాతం, స్ట్రోజ్జీలకు 10 శాతం మాత్రమే. పాజెట్, ఆన్సెల్ చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. మెడిచీల ఎదుటి పక్షంలో ఒకరితో ఒకరు అల్లుకుపోయిన సమానులు ఉన్నారు, కాబట్టి నాయకత్వం ఎవరిదో తేలదు. మెడిచీల అనుచరులకు ఒకరితో ఒకరికి సంబంధాలు తక్కువ, అందరూ మెడిచీల ద్వారానే కలవాలి.

ఐగెన్‌వెక్టర్ సెంట్రాలిటీకి ఈ తేడా కనిపించదు. దాని దృష్టిలో బలమైనవాళ్ళతో బంధమే బలం. బలహీనులు మన మీద ఆధారపడటాన్ని అది తక్కువగా లెక్కగడుతుంది. ఆర్థిక పలుకుబడీ, సలహాలూ, వదంతులూ సమానుల గుంపులో తిరిగి తిరిగి పెరిగే చోట ఈ కొలత బాగా పనిచేస్తుంది. అధికారం అనుచరుల విధేయత మీద నిలబడే చోట అది తప్పుదారి పట్టించవచ్చు.

పూచ్చీల విషయంలో ఈ లోపం ఇంకా స్పష్టం. వియ్యం లేని ఇంటికి మొదటి పద్ధతిలో మొదటి వరుసలోనే సున్నా వస్తుంది. సొంత మార్కు కలిపే పద్ధతిలో వాళ్ళ 1 ఎప్పటికీ 1గానే ఉండి, వేలు దాటిన మిగతావాళ్ళ పక్కన సున్నాకు చేరుతుంది. పటం రెండు విడి తునకలుగా ఉంటే, బలం తక్కువైన తునకలో ఉన్న అందరికీ ఇదే గతి. అక్కడ ఎంత పెద్ద ఇల్లయినా సున్నాయే. కానీ పూచ్చో పూచ్చీ కోసిమోకు ముఖ్యమైన అనుచరుల్లో ఒకడు. పెళ్ళిళ్ళ పటంలో ఆ విధేయతకు గీత లేదు, గీత లేనిదానికి మార్కు లేదు.

ఇవే పదహారు కుటుంబాలకు వ్యాపార పటం కూడా ఉంది. అప్పులూ, భాగస్వామ్యాలూ కలిపి పదిహేను గీతలు. అందులో స్ట్రోజ్జీలకు ఒక్క గీతా లేదు. ఆల్బిజ్జీ, రిడోల్ఫీ, అచ్చయోలీ, పూచ్చీలకూ లేదు. మెడిచీలకు అందరికంటే ఎక్కువగా ఐదు గీతలు: బర్బదోరీ, జినోరీ, పాజ్జీ, సాల్వియాతీ, టోర్నబువోనీ. సొంత మార్కు కలిపి ఇదే లెక్క వేస్తే మొదటి వరుసలో మెడిచీలు 6తో అందరికంటే పైన ఉంటారు. రెండో వరుసలో వాళ్ళకు 20 వస్తే, నాలుగే గీతలున్న పెరూజ్జీలకూ బర్బదోరీలకూ 23 చొప్పున వస్తాయి. మూడో వరుసలో పెరూజ్జీ 103, బర్బదోరీ 99, లంబెర్తెస్కీ 92, కస్తెల్లానీ 86, మెడిచీ 81. ఐదో వరుస వేస్తే బిస్కేరీలు కూడా వాళ్ళను దాటిపోతారు. కారణం పటంలోనే ఉంది: పాజ్జీ, సాల్వియాతీ, టోర్నబువోనీలు ముగ్గురికీ మెడిచీలతో తప్ప వేరెవరితోనూ వ్యాపారం లేదు.